మూడు ఫొటోలిస్తే నాలుగో మనిషి

గవర్నర్‌పేటలో అయినా బ్రాడీపేటలో అయినా, ఫొటో స్టూడియో వాళ్లకి బాగా తెలిసిన ఆర్డరు ఒకటుంది. ఇంట్లో పెద్దాయన పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం నాటికి దండ వేయడానికి 12×18 ఫ్రేము కావాలి. సరైన ఫొటో ఒక్కటీ లేదు. ఉన్నవి మూడు, మూడూ వాట్సాప్‌లో వస్తాయి.

మొదటిది 1983లో తీసిన పెళ్లి ఫొటో. బ్లాక్ అండ్ వైట్, ఆయనకి 25 ఏళ్లు. స్టూడియో దీపం ఒక పక్క నుంచి పడుతుంది, నెగటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చేసి మొహం నున్నగా తీర్చారు. రెండోది 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలప్పుడు దుర్గా ఘాట్‌లో ఫోన్‌తో తీసినది. 58 ఏళ్లు, నడినెత్తిన ఎండ, మనవడిని ఎత్తుకుని పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్నారు. మూడోది 2021లో బ్యాంకు పని కోసం తీయించుకున్న పాస్‌పోర్ట్ సైజు. 63 ఏళ్లు, ఎదురుగా ఫ్లాష్, నోరు బిగించి ఉంది.

ఈ మూడూ బొమ్మలు తయారుచేసే ఒక ఏఐ జనరేటర్‌లో పడేసి "ఈయనది మంచి పోర్ట్రెయిట్ చెయ్యి" అంటే చేస్తుంది. శుభ్రంగా ఉంటుంది, బయటివాళ్లకి వంక దొరకదు. ఇంట్లోవాళ్లు మాత్రం చూసి ఒక్క క్షణం ఆగుతారు. "బానే ఉందండీ, కానీ నాన్నలా కంటే మా బాబాయిలా ఉన్నారు" అంటారు.

ఆ మాటని సెంటిమెంటు కింద కొట్టిపారేయకండి. అది దాదాపు కొలిచి చెప్పినంత సరైన మాట. అలా ఎందుకొస్తుందో చెప్పడానికే ఈ వ్యాసం. ఫొటోలు ఎన్ని ఎక్కువిస్తే పోలిక అంత బాగా కుదురుతుందనే నమ్మకం తప్పు అన్నది నా వాదన. వెలుతురు, వయసు, నవ్వు పొంతన లేని ఫొటోలు కలిపి ఇచ్చినప్పుడు జనరేటర్ ఆ తగువు తీర్చదు. మనకి కనపడకుండా సర్దేస్తుంది, అంతే. ఎలా సర్దుతుందో తెలిస్తే, దానికి ఏ ఫొటో ఇవ్వకూడదో తెలుస్తుంది.

సగటు తీసే పద్ధతి

మొహం పోలిక పట్టుకునే పనిముట్లలో చాలావాటికి మూలం మొహాలు గుర్తుపట్టే మోడల్. ఆర్క్‌ఫేస్ రకం మోడల్ అయితే కళ్లు, ముక్కు కొన, నోటి చివరలు అనే 5 గుర్తులు పట్టుకుని మొహాన్ని నిటారుగా తిప్పి, 112×112 పిక్సెళ్ల ముక్కగా కత్తిరించి, దాన్ని 512 అంకెల వరసగా మారుస్తుంది. ఫొటోలోని పోలికని జనరేటర్‌కి అందించే పనిముట్లు, ఐపీ-అడాప్టర్‌లోని ఫేస్‌ఐడీ రకాలు, ఇన్‌స్టంట్‌ఐడీ, ప్రధానంగా ఈ అంకెల మీదే నడుస్తాయి. ఆ వరసని ఒక బాణం అనుకోండి. ఒకే మనిషి ఫొటోలు దాదాపు ఒకే దిక్కు చూపించే బాణాలు అవుతాయి, వేరే మనిషివి వేరే దిక్కు చూపిస్తాయి. రెండు బాణాల మధ్య పోలిక 1 అయితే అచ్చంగా ఒకటే, 0 దగ్గరకొస్తే సంబంధం లేదు.

ఈ మోడళ్లని వెలుతురు, వయసు, నవ్వు పట్టించుకోకుండా మనిషిని మాత్రమే పట్టుకోవాలని నేర్పుతారు. చాలావరకు పట్టుకుంటాయి, పూర్తిగా కాదు. 25 ఏళ్ల మొహానికీ 63 ఏళ్ల మొహానికీ మధ్య దవడ గీత, కనురెప్పల బరువు, పెదవుల మందం అన్నీ మారిపోతాయి కాబట్టి బాణం పక్కకి జరుగుతుంది.

లెక్క కోసం మన మూడు ఫొటోల మధ్య పోలికలు ఇలా ఉన్నాయనుకుందాం. 2016కీ 2021కీ 0.6, 1983కీ 2016కీ 0.35, 1983కీ 2021కీ 0.3. నోడ్లు అనే డబ్బాలు కలుపుకుంటూ బొమ్మలు చేయించే ప్రోగ్రామ్ కంఫీయూఐ. అందులో ఐపీ-అడాప్టర్ నోడ్‌లో `combine_embeds` దగ్గర `average` పెడితే మూడు బాణాలనీ కలిపి మూడుతో భాగిస్తుంది. ఒక్కొక్కటి 1 పొడవున్న మూడు బాణాల సగటు పొడవు ఇక్కడ సుమారు 0.78 వస్తుంది. అవి ఒకదాన్నొకటి కొంత కొట్టేసుకున్నాయన్నమాట. సగటు బాణానికీ 2016 ఫొటోకీ పోలిక 0.83, 2021కి 0.81, పెళ్లి ఫొటోకి 0.70.

ఇందులో చూడాల్సినవి రెండు. ఒకటి, బాణం పొట్టిదైతే పోలిక మీద పట్టు సడలుతుంది. ఆ ఖాళీలోకి మోడల్ తనకి ముందే తెలిసిన సగటు మొహాన్ని తోస్తుంది. రెండోది ఇంకా ముఖ్యం. పొడవు సరిచేసినా దిక్కు సరికాదు. సగటు బాణం చూపించే చోట ఆయన ఏ వయసులోనూ లేరు. 25కీ 63కీ మధ్య సగటు 44 ఏళ్ల నాన్నగారు కారు. ఆయన జీవితంలో ఏ రోజూ లేని మొహం అది. కళ్ల మధ్య దూరం, ముక్కు వాలు లాంటి మారని సంగతులు నిలబడ్డాయి, ఆయన్ని ఆయనగా చూపించే చివరి తేడాలు మాత్రం ఒకదానితో ఒకటి అరిగిపోయాయి. ఇంటి పోలిక మిగిలింది, మనిషి జారిపోయాడు. అన్నదమ్ముల మధ్య ఉండే పోలిక కూడా అలాంటిదే. అందుకే "బాబాయిలా ఉన్నారు" అన్నది కొలత.

ఇంకో సంగతి. సగటు అంటే ఓట్ల లెక్క. పుష్కరాల రోజున తీసిన ఫొటోలే ఆరు ఇచ్చారనుకోండి, మీరు ఆరు ఆధారాలు ఇచ్చినట్టు కాదు. ఒకే ఎండకి, ఒకే నవ్వుకి ఆరు ఓట్లు వేసినట్టు.

ఫొటోలు మెషీన్‌లో పెట్టేముందు ఈ పొంతన కొలుచుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. మొహాలు గుర్తుపట్టే ఇన్‌సైట్‌ఫేస్ అనే పైథాన్ లైబ్రరీ ఉంటే ఇంతే:

```python
import cv2, numpy as np
from insightface.app import FaceAnalysis

app = FaceAnalysis(name="buffalo_l")
app.prepare(ctx_id=0, det_size=(640, 640))
files = ["1983.jpg", "2016.jpg", "2021.jpg"]
V = np.array([app.get(cv2.imread(f))[0].normed_embedding for f in files])
print(np.round(V @ V.T, 2))
print(np.linalg.norm(V.mean(axis=0)))
```

ఫొటోలో ఒక్క మొహమే ఉండేలా ముందే కత్తిరించుకోవాలి. లేకపోతే `[0]` అన్నచోట మనవడి మొహం వచ్చి కూర్చునే ప్రమాదం ఉంది. మొదటి పట్టికలో ఒక ఫొటో మిగతా వాటన్నిటితోనూ తక్కువ మార్కులు తెచ్చుకుంటుంటే బయటపెట్టాల్సింది అదే. చివరి అంకె సగటు బాణం పొడవు. మన లెక్కలో 1983 తీసేస్తే అది 0.78 నుంచి 0.89కి పెరుగుతుంది.

పక్కపక్కన పెట్టే పద్ధతి

అన్ని పనిముట్లూ సగటు తీయవు. అదే నోడ్‌లో `concat` పెడితే ప్రతి ఫొటో అంకెలూ విడివిడిగానే ఉండి, వరసలో ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. ఫొటోమేకర్ అనే ఇంకో పనిముట్టు కూడా ఇచ్చిన ఫొటోలన్నిటి గుర్తులనీ ఇలాగే దొంతరగా పేర్చుకుంటుంది. బొమ్మ తయారవుతున్నప్పుడు అందులోని ప్రతి చోటూ ఈ దొంతరని చూసి తనకి దగ్గరగా అనిపించిన దాన్నుంచి ఎక్కువ తీసుకుంటుంది. అటెన్షన్ అనేది ఇదే.

వినడానికి సగటు కంటే మేలనిపిస్తుంది, నిజంగానే కొన్నిసార్లు మేలు. కానీ ఇక్కడ తగువు ఇంకో రూపంలో బయటపడుతుంది. నోరు ఉండే చోటు పుష్కరాల ఫొటో వైపు మొగ్గి పళ్లు చూపిస్తుంది. కళ్లు ఉండే చోటు బ్యాంకు ఫొటో వైపు మొగ్గి సూటిగా, ఏ భావమూ లేకుండా చూస్తాయి. ఫలితం ఎన్నికల ఫ్లెక్సీ మీద నాయకుడి నవ్వు. పళ్లు నవ్వుతాయి, కళ్లు నవ్వవు. నిజమైన నవ్వులో బుగ్గలు పైకి లేచి కింది రెప్పని నెడతాయి, కంటి చివర గీతలు పడతాయి. పళ్లు కనపడుతూ కింది రెప్ప చదునుగా ఉందంటే, ఆ నోరూ ఆ కళ్లూ రెండు వేర్వేరు ఫొటోల నుంచి వచ్చాయని తొంభై పాళ్లు అనుమానించవచ్చు.

కళ్లజోడుతోనూ ఇదే గొడవ. ఒక ఫొటోలో జోడు ఉండి ఇంకో దాంట్లో లేకపోతే, ఫ్రేము ముక్కు దగ్గర మొదలై కణత దగ్గరకొచ్చేసరికి మాయమవుతుంది.

ఫొటోమేకర్ తయారుచేసినవాళ్లు తమ పేపర్లోనే ఇద్దరు వేర్వేరు మనుషుల ఫొటోలు కలిపి ఇస్తే ఇద్దరి పోలికలూ కలిసిన కొత్త మనిషి వస్తాడని, ఎవరి ఫొటోలు ఎక్కువిస్తే వాళ్ల పోలిక ఎక్కువ వస్తుందని చూపించారు. దాన్ని ఒక సౌకర్యంగానే చూపించారు, అందులో తప్పేమీ లేదు. మన పనికి అందులో ఉన్న హెచ్చరిక వేరు. దొంతరలో ఉన్నది ఇద్దరు మనుషులా, ఒకే మనిషి రెండు వయసులా అని ఆ యంత్రాంగం విడిగా అడగదు. రెండింటినీ ఒకే తీరుగా కలుపుతుంది.

మీ దగ్గర జరుగుతున్నది సగటా, దొంతరా అని తెలియకపోయినా ఫలితాన్ని బట్టి పట్టుకోవచ్చు. అన్ని సెట్టింగులూ అలాగే ఉంచి బొమ్మ మొదలయ్యే చోటుని మార్చే సీడ్ అనే అంకె మాత్రం మారుస్తూ 8 బొమ్మలు తీయండి. ఎనిమిదింటిలోనూ అదే నున్నటి, ఎవరిదో తెలియని మొహం వస్తే సగటు తినేసింది. ఒక దాంట్లో 40 ఏళ్లు, ఇంకో దాంట్లో 65, మరో దాంట్లో పళ్లు, ఇంకో దాంట్లో బిగించిన నోరు, ఇలా ఊగిసలాడుతుంటే దొంతరలో రెండు మూడు పక్షాలు పోటీ పడుతున్నాయి, సీడ్‌ని బట్టి ఎవరో ఒకరు గెలుస్తున్నారు. ఆ తర్వాత సీడ్ ఒకటే ఉంచి ఫొటోలు ఒక్కొక్కటే తీసేసి చూడండి. ఏ ఫొటో తీస్తే బొమ్మ నిలకడగా మారుతుందో తగువుకి మూలం అదే. మూడు ఫొటోలకి ఇది మూడు పరుగులు, ఆ పాటి ఓపిక చాలు.

వెలుతురూ నవ్వూ వయసు లెక్కలో దూరడం

వెలుతురు, వయసు, నవ్వు మూడు వేర్వేరు తగువులు అన్నట్టు ఇంతవరకు మాట్లాడాను. అసలు చిక్కు అవి వేరు కాకపోవడమే.

పుష్కరాల ఫొటో చూడండి. నడినెత్తిన ఎండ కాబట్టి కనుబొమల నీడ కళ్ల మీద, ముక్కు నీడ పెదవి మీద పడుతుంది, కళ్ల కింద ఉబ్బు నల్లటి సంచిలా కనపడుతుంది. పైగా నవ్వుతున్నారు కాబట్టి ముక్కు పక్క నుంచి నోటి చివరకి దిగే గీత లోతుగా పడింది, కంటి చివర గీతలు విచ్చుకున్నాయి. ఇవన్నీ ఒక క్షణం పాటు ఉన్న గీతలు. నవ్వు ఆగితే పోతాయి, నీడలోకి వస్తే పోతాయి. ఒక్క ఫొటో చూసే మోడల్‌కి ఆ సంగతి తెలిసే దారి లేదు. ముక్కు పక్క గీత వయసుతోనూ పడుతుంది, నవ్వుతోనూ పడుతుంది, పై నుంచి పడే వెలుతురులోనూ ముదురుతుంది. మూడూ మొహం మీద ఒకే చోట, ఒకే రంగులో ఉంటాయి.

బ్యాంకు ఫొటోలో దీనికి సరిగ్గా తలకిందులు. ఎదురు ఫ్లాష్ నీడలన్నిటినీ కొట్టేస్తుంది, నోరు బిగించడంతో బుగ్గల మీద గీతలు లేవు. అందువల్ల 58 ఏళ్ల ఫొటోలో ఉన్నాయన 63 ఏళ్ల ఫొటోలో ఉన్నాయన కంటే పెద్దవాడిలా కనపడతాడు. ఈ రెంటినీ కలిపి ప్రశాంతంగా ఉన్న మొహం అడిగితే, నవ్వు పోయి నవ్వు తాలూకు గీతలు మిగులుతాయి. నవ్వని మొహం మీద నవ్వు గీతలంటే మనిషి 75 ఏళ్లవాడిలా, జబ్బు పడి లేచినవాడిలా కనపడతాడు. "చివరి రోజుల్లో ఉన్నట్టున్నారు" అని ఇంట్లోవాళ్లు అనేది ఇలాంటి బొమ్మ చూసే. దాన్ని వయసు పొరపాటనుకుని ప్రాంప్ట్‌లో, అంటే మనం రాసిచ్చే మాటల్లో, ఏళ్లు తగ్గించుకుంటూ పోతే ఉపయోగం ఉండదు. పొరపాటు వెలుతురులోనూ నవ్వులోనూ ఉంది.

పెళ్లి ఫొటోలో టచింగ్ చేసిన నునుపు కూడా ఇంతే. అది 25 ఏళ్ల చర్మం కాదు, పెన్సిల్ పని. మోడల్‌కి మాత్రం అది చర్మమే.

ఒంటి రంగు విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఫ్లాష్ తెల్లగా చేస్తుంది, ఎండ ఒక వైపు కాల్చేసి ఇంకో వైపు నల్లగా వదిలేస్తుంది, బ్లాక్ అండ్ వైట్‌లో రంగే లేదు. ఈ మూడింటి నుంచి రంగు తేల్చమంటే జనరేటర్ ఫ్లాష్ వైపో, తనకి అలవాటైన తెల్లటి చర్మం వైపో జారడం మామూలే. చామనఛాయ మనిషిని గోధుమ వన్నె చేసి పంపితే ఇంట్లోవాళ్లు మొహమాటానికి బాగుందంటారు, నాకది పోలిక తప్పడమే అనిపిస్తుంది. రంగు కోసం నీడపట్టున తీసిన ఫొటో ఏదైనా, అందులో మొహం మసకగా ఉన్నా సరే, కళ్ల ముందు పెట్టుకుని చివర్లో చేత్తో సరిచేసుకోవడమే దారి.

వెలుతురు తగువు పట్టుకోవడానికి బొమ్మని 200 శాతం చేసి కళ్లలోని మెరుపు చుక్కలు చూడండి. రెండు కళ్లలోనూ చుక్క గడియారంలో దాదాపు ఒకే గంట దగ్గర ఉండాలి. ఎడమ కంట్లో 10 దగ్గర, కుడి కంట్లో 2 దగ్గర ఉంటే రెండు ఫొటోల దీపాలు రెండూ వెలుగుతున్నాయి. తర్వాత ముక్కు నీడ ఏ వైపు పడిందో, గడ్డం కింద మెడ మీద నీడ ఏ వైపు పడిందో పోల్చండి. మొహం మీద శ్రద్ధగా ఉండే జనరేటర్లు కూడా మెడ దగ్గర దొరికిపోతాయి. వయసు తగువు కూడా మెడ దగ్గరే తేలుతుంది. 50 ఏళ్ల మొహం కింద 30 ఏళ్ల మెడ తరచూ కనపడుతుంది. ఎందుకంటే మొహం గుర్తు తీసే 112×112 ముక్కలో మెడ లేదు, చెవులు అంతంతమాత్రం, జుట్టు దాదాపు లేదు. అవి ప్రాంప్ట్ నుంచో, మోడల్ ఊహ నుంచో వస్తాయి.

ఆర్డరుకి తిరిగొద్దాం

ముందు ఏడాది తేల్చుకోవాలి. ఇంట్లోవాళ్లని "ఎలా కావాలి" అని అడిగితే అందంగా అంటారు. "ఏ ఏడాదిలో ఉన్నట్టు కావాలి" అని అడగండి. రిటైరయిన కొత్తల్లో అంటారు, మనవరాలి ఓణీల ఫంక్షన్ అప్పుడు అంటారు. మన ఆర్డరులో 61 ఏళ్లు అనుకుందాం. ఆ మాటతో 1983 ఫొటో పక్కకి పోయింది. మంచి ఫొటో, అందులోనే ఆయన అందంగా ఉన్నారు, అందుకే దాన్ని కలపాలని అందరికీ ఉంటుంది. కలపకండి. కోరుకున్న వయసుకి అటూ ఇటూ ఐదారేళ్లు దాటిన ఫొటోని పోలిక కోసం వాడకూడదన్నది నా లెక్క. పాతది అంత ఇష్టమైతే దాన్నే శుభ్రం చేసి వేరే ఫ్రేము కట్టించమనండి.

రెండోది, మిగిలిన రెండు ఫొటోలకీ వేర్వేరు పనులు అప్పజెప్పడం. డిఫ్యూజన్ మోడల్ బొమ్మని ఒక్కసారిగా గీయదు. పూర్తి గందరగోళం నుంచి మొదలుపెట్టి మెట్టు మెట్టుగా శుభ్రం చేస్తుంది. మొదటి మెట్లలో మొత్తం అమరిక, వెలుతురు ఎటు నుంచన్నది స్థిరపడతాయి. చర్మం గీతలు, రెప్ప వెంట్రుకలు చివరి మెట్లలో వస్తాయి. కాబట్టి ఏ ఫొటో మాట ఏ మెట్టు నుంచి చెల్లాలో మనం చెప్పొచ్చు. కంఫీయూఐలో `start_at`, `end_at` ఉన్నది ఇందుకే.

30 మెట్ల పరుగు అనుకుంటే, ఫేస్‌ఐడీకి రెండు ఫొటోలూ ఇచ్చి సగటు పెట్టి, బలం 0.8 దగ్గర, మొదటి నుంచి చివరి దాకా నడవనివ్వాలి. వాటి మధ్య పొంతన ఉంది కాబట్టి ఇక్కడ సగటు మేలే చేస్తుంది. ఎండా నవ్వూ ఒక్క ఫొటోవే కాబట్టి కొంత పలచబడతాయి, మనిషి రెండింటిలోనూ ఉన్నాడు కాబట్టి నిలబడతాడు. దానికి తోడుగా, చర్మం కోసం ప్లస్ ఫేస్ రకం అడాప్టర్‌కి 2021 ఫొటో ఒక్కటే ఇచ్చి, బలం 0.4, `start_at` 0.4, `end_at` 1.0 పెట్టాలి. ప్లస్ రకం మొత్తం బొమ్మని ముక్కలు ముక్కలుగా చూస్తుంది కాబట్టి వెలుతురు, నవ్వు అన్నీ లాక్కొస్తుంది. అందుకే దానికి పుష్కరాల ఫొటో ఇవ్వకూడదు, అందుకే దాన్ని 12వ మెట్టు దాకా లోపలికి రానివ్వకూడదు. అప్పటికి వెలుతురు స్థిరపడి ఉంటుంది, ఫ్లాష్ చదును వచ్చి దాన్ని పెద్దగా చెడగొట్టలేదు. ఈ అంకెలు మొదలుపెట్టడానికే. మోడల్ మారితే మళ్లీ చూసుకోవాలి.

మూడోది మాట. ఫొటోలు ఒప్పుకోని చోట ప్రాంప్ట్‌లో మాట లేకపోతే తీర్పు సీడ్ చేతిలోకి పోతుంది. తగువు ఉన్న ప్రతి విషయానికీ మాట ఉండాలి, లేని వాటికి అక్కర్లేదు. ముక్కు ఎలా ఉండాలో రాయడం దండగ. వయసు, నోరు, జుట్టు, వెలుతురు మాత్రం రాయాలి:

```
photo of a 61-year-old man, short grey hair, grey moustache,
closed mouth, faint smile, no glasses,
soft window light from the left, plain background
```

ఫొటోమేకర్ వాడేట్టయితే `man` తర్వాత `img` అన్న మాట చేర్చాలి, ఫొటోల దొంతరని అది ఆ చోటే అతికిస్తుంది. జుట్టుకి రంగు వేసుకునే మనిషైతే `grey` రాయకండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ మన ఇళ్లల్లో 61 ఏళ్లకి నల్ల జుట్టు, నల్ల మీసం ఉన్నవాళ్లే ఎక్కువేమో.

మాటలతో సవరించే కొత్త రకాలు, క్వెన్ ఇమేజ్ ఎడిట్ లాంటివి, ఈ నోడ్ల గొడవ లేకుండా ఫొటోలు నేరుగా తీసుకుంటాయి. వాటిలోనూ తగువు పోదు. ఇచ్చిన ఫొటోల్లో ఒకటి పునాదిగా కూర్చుంటుంది, మిగతావి దానికి అలంకారమవుతాయి, ఏది కూర్చోవాలో మీరు చెప్పకపోతే అదే ఎంచుకుంటుంది. అందుకని ఫొటోల నంబర్లతో సహా చెప్పాలి. మొహం, వయసు మొదటి ఫొటో నుంచి, దుస్తులు రెండో దాన్నుంచి, రెండో దాంట్లో నవ్వూ ఎండా తీసుకోవద్దు అని. మూడుకి మించి ఇవ్వకపోవడం మంచిది. క్వెన్ ఇమేజ్ ఎడిట్ 2509 వెర్షన్ తయారుచేసినవాళ్లు కూడా ఒకటి నుంచి మూడు ఫొటోలతోనే బాగా పనిచేస్తుందన్నారు.

ఒకే మనిషి ఫొటోలతో మోడల్‌కి చిన్న అదనపు పాఠం నేర్పే లోరా శిక్షణ ఇచ్చేవాళ్లకి ఒక్క మాట. అక్కడ తగువు శిక్షణలోనే ఇంకిపోతుంది, తర్వాత విడదీయడం కష్టం. 20 ఫొటోల్లో 15 నవ్వుతూ ఉండి, క్యాప్షన్లలో నవ్వు గురించి రాయకపోతే నవ్వు ఆయన మొహంలో భాగమైపోతుంది. మారాల్సిన వాటిని క్యాప్షన్‌లో రాయండి, మారకూడని వాటిని రాయకండి.

ఇక ప్రింటు. ఎస్‌డీఎక్స్‌ఎల్ అనే మోడల్‌లో 832×1216 బొమ్మ వస్తే 12×18 ఫ్రేముకి 200 డీపీఐ చొప్పున మూడు రెట్లు పెంచాలి, 2496×3648 అవుతుంది. ఇంతసేపు కష్టపడి తేల్చిన వయసు ఇక్కడ మళ్లీ పాడయ్యే అవకాశం ఉంది. పెద్దది చేసే మోడల్ చర్మాన్ని తన ఊహతో నింపుతుంది, ఒకటి నునుపు చేసి పదేళ్లు తగ్గిస్తుంది, ఇంకోటి ప్రతి మచ్చనీ ముడతగా చెక్కుతుంది. 2021 పాస్‌పోర్ట్ ఫొటో అసలు కాపీ ఇంట్లో ఉంటే అడిగి తెప్పించుకుని 600 డీపీఐలో స్కాన్ చేయండి. 35×45 మిల్లీమీటర్ల కాగితం నుంచి సుమారు 827×1063 పిక్సెళ్లు వస్తాయి, వాట్సాప్ కాపీ కంటే ఎంతో మెరుగు. పెంచిన బొమ్మలో కళ్ల కింద, బుగ్గ మీద చర్మాన్ని ఆ స్కాన్ పక్కన పెట్టి చూసుకోవచ్చు.

ఇది ఫొటో కాదు, ఫొటోల నుంచి చేసిన బొమ్మ అన్న సంగతి ఇంట్లోవాళ్లకి చెప్పి ఇవ్వాలన్నది నా పట్టుదల. చెబితే కొంతమంది బ్యాంకు ఫొటోనే పెద్దది చేసి ఇమ్మంటారు. అదీ మంచిదే.

ఫ్రేముకి పంపేముందు నాలుగు బొమ్మలు 4×6 సైజులో ప్రింటు తీసి ఇంట్లో ముగ్గురికి విడివిడిగా చూపించండి. భార్యకి, పెద్ద కొడుక్కి, వీలైతే ఆయనతో పాటు ఉద్యోగం చేసిన స్నేహితుడికి. బాగుందా అని అడగొద్దు, బాగుందనే అంటారు. "ఇది ఎప్పటి ఫొటో అనుకుంటున్నారు" అని అడగండి. ముగ్గురూ రెండు మూడేళ్ల తేడాతో ఒకే కాలం చెబితే ఆ బొమ్మని ఫ్రేముకి పంపొచ్చు. ఒకరు పెళ్లయిన కొత్తల్లోదని, ఇంకొకరు ఆసుపత్రి నుంచి వచ్చాక తీసిందని అంటే లోపల ఇంకా రెండు ఫొటోలు కొట్టుకుంటున్నాయి. మళ్లీ ఒక్కో ఫొటో తీసేసి చూసే పరుగు నుంచి మొదలుపెట్టాలి.